పేగులో నీళ్లు ఎటు పోతాయి: విరేచనం మందులు, విరేచనాలు ఆపే మందులు, ఓఆర్‌ఎస్

పెద్దవాళ్ల పేగులోకి రోజుకు దాదాపు 9 లీటర్ల నీళ్లు వస్తాయి. అందులో తాగేది, తినేదాంట్లో ఉండేది కలిపి 2 లీటర్లే. మిగతా 7 లీటర్లు లాలాజలం, జఠర రసం, పైత్యరసం, క్లోమరసం, పేగు గోడ సొంతంగా వదిలే ద్రవం రూపంలో శరీరం నుంచే వస్తాయి. ఈ మొత్తంలో ఏడు లీటర్లకు పైగా చిన్నపేగు వెనక్కి పీల్చుకుంటుంది. ఒకటిన్నర, రెండు లీటర్లు పెద్దపేగుకు చేరతాయి. అక్కడ కూడా చాలావరకు ఇంకిపోయి, చివరికి మలంతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే.

మలబద్ధకం, నీళ్ల విరేచనాలు రెండూ ఈ చివరి అంకెలో వచ్చే తేడాలే. 9 లీటర్లలో ఈ కొంచెం అటూ ఇటూ అయితే చాలు, మనిషి మందుల షాపుకు వెళ్తాడు. పెద్దపేగు అవసరమైతే రోజుకు 4, 5 లీటర్ల దాకా పీల్చుకోగలదు. కాబట్టి చిన్నపేగు కొంచెం తప్పు చేసినా బయటికి తెలియదు. ఆ హద్దు దాటినప్పుడే విరేచనాలు మొదలవుతాయి.

నీళ్లను నేరుగా తోసే పంపు పేగులో ఎక్కడా లేదు. నీళ్లు ఉప్పు వెంట, చక్కెర వెంట నడుస్తాయి, అంతే. పేగు గోడలోని కణాలు సోడియాన్ని లోపలికి తీసుకుంటే దాని వెనకే నీళ్లు శరీరంలోకి వస్తాయి. అవే కణాలు క్లోరైడ్‌ను బయటికి, అంటే పేగు నాళంలోకి వదిలితే దాని వెంట సోడియం, ఆ రెంటి వెంట నీళ్లు పోతాయి. పీల్చుకోవడానికి వీల్లేని పదార్థం ఏదైనా పేగులో ఉండిపోతే, అది తన చుట్టూ నీళ్లను పట్టుకుని కూర్చుంటుంది. విరేచనానికి ఇచ్చే మందులు, ఆపడానికి ఇచ్చే మందులు దాదాపు అన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని మారుస్తాయి. లేదా పేగు కదలికను మార్చి, నీళ్లు ఇంకడానికి దొరికే సమయాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి. బ్రాండ్ పేర్లు గుర్తుపెట్టుకోవడం కంటే, ఏ మందు ఎక్కడ చెయ్యి పెడుతుందో తెలుసుకుంటే వాటిని వాడటంలో జరిగే తప్పులు సులువుగా కనిపిస్తాయి.

నీళ్లను పేగులోనే ఉంచే మందులు

అన్నింటిలో నెమ్మదైనది ఇసబ్‌గోల్. దాని పొట్టు జీర్ణం కాదు. నీళ్లు పీల్చుకుని జిగురుగా ఉబ్బుతుంది, మలం మెత్తబడి పరిమాణం పెరుగుతుంది, పేగు గోడ సాగి తనంతట తానే కదులుతుంది. ఫలితం కనిపించడానికి సగం రోజు నుంచి మూడు రోజులు పడుతుంది. దీన్ని వాడే వాళ్లు ఎక్కువగా చేసే తప్పు, నీళ్లు సరిపడా తాగకపోవడం. ప్రతి మోతాదుకీ పెద్ద గ్లాసు నిండా నీళ్లు తాగాల్సిందే. లేకపోతే అది గొంతులోనో అన్నవాహికలోనో ఉబ్బి అడ్డుపడవచ్చు. మింగడం ఇబ్బందిగా ఉన్న వృద్ధులకు ఇది మంచి మందు కాదు. నీళ్లను పట్టి ఉంచే గుణం వల్లనే పల్చటి విరేచనాల్లో కూడా కొందరికి ఇసబ్‌గోల్ ఇస్తారు. అక్కడ అది మలానికి ఒక రూపం ఇస్తుంది గానీ, శరీరం కోల్పోయే నీటిని, ఉప్పును తగ్గించదు.

రెండో రకం ద్రవాభిసరణ మీద, అంటే ఇంకని పదార్థం నీళ్లను తన వైపు లాగి ఉంచే గుణం మీద ఆధారపడేవి. వీటిలో లాక్టులోజ్‌ను కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే తర్వాత ఓఆర్‌ఎస్ గురించి చెప్పేటప్పుడు దీనితో పని ఉంది. లాక్టులోజ్ అంటే గెలాక్టోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చక్కెరలు కలిసిన జంట. పాలలోని లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ దీన్ని విడగొట్టలేదు. విడిపోని జంట చక్కెర పేగు గోడ దాటలేదు కాబట్టి అది చిన్నపేగులో ఉన్నంతసేపు నీళ్లను తనతో పాటే ఉంచుతుంది. పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి చిన్న ఆమ్లాలుగా మారుస్తాయి. అణువుల సంఖ్య పెరుగుతుంది, నీళ్లు ఇంకా చేరతాయి, గ్యాస్ కూడా వస్తుంది. అందుకే లాక్టులోజ్ సిరప్ తాగినవాళ్లకు మొదటి కొద్ది రోజులు కడుపు ఉబ్బరంగా ఉంటుంది. పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి కూడా ఇదే దారి. కానీ దాన్ని బ్యాక్టీరియా తినలేవు, కాబట్టి గ్యాస్ తక్కువ. కొలనోస్కోపీ ముందు లీటర్లకొద్దీ తాగించేది ఇదే, లవణాలు కలిపి. ఆ లవణాలు లేకపోతే అంత ద్రవం శరీరంలోని సోడియాన్ని, పొటాషియాన్ని కడిగేస్తుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉన్న తెల్లటి సిరప్‌లదీ ఇదే తీరు. అయితే మెగ్నీషియం కొంత రక్తంలోకి కూడా చేరుతుంది. కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లలో అది పేరుకుపోతుంది కాబట్టి వాళ్లకు వద్దు.

మూడో రకం పేగును రెచ్చగొట్టేవి. సునాముఖి ఆకు, బిసకోడిల్, సోడియం పికోసల్ఫేట్, మన ఇళ్లలో తరతరాలుగా నడిచిన ఆముదం ఈ కోవలోవి. సునాముఖిలోని పదార్థాలను పెద్దపేగులోని బ్యాక్టీరియా విడగొట్టాకే అవి పనిచేస్తాయి. అందుకే రాత్రి వేసుకుంటే పొద్దున్న మోషన్ అవుతుంది. ఆముదం దారి వేరు. చిన్నపేగులోనే కొవ్వును విడగొట్టే ఎంజైమ్ దానినుంచి రిసినోలియిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. అది పేగు కండరంలో ప్రోస్టాగ్లాండిన్ అనే సంకేత పదార్థాన్ని అందుకునే గ్రాహకం ఒకదాన్ని తట్టి లేపుతుందని 2012లో జర్మన్ పరిశోధకులు చూపించారు. కొద్ది గంటల్లోనే, అదీ మెలిపెట్టే నొప్పితో పని కానిచ్చేది అందుకే. పిల్లలకు నెలకోసారి ఆముదం పట్టించి కడుపు ‘శుభ్రం’ చేయడానికి శరీరధర్మ శాస్త్రంలో ఆధారమేమీ లేదు. రోజుకు 7 లీటర్లు తనలోకి తానే వదిలి తిరిగి తీసుకునే అవయవానికి అలాంటి శుభ్రత అక్కర్లేదు.

బిసకోడిల్ బిళ్లతో ఒక చిన్న సంగతి. దాని మీద పూత కడుపు ఆమ్లంలో కరగకుండా, పేగుకు చేరాక కరిగేలా ఉంటుంది. పాలతోనో యాంటాసిడ్‌తోనో మింగితే ఆమ్లం తగ్గి పూత ముందే కరుగుతుంది, కడుపులో మెలిపెట్టే నొప్పి పట్టుకుంటుంది. మంచినీళ్లతో, నమలకుండా మింగాలి. ఇక ఈ రకం మందులు మోతాదు మించి నెలల తరబడి వేసుకుంటే పొటాషియం తగ్గిపోతుంది. కండరాల నీరసం, గుండె దడ రావచ్చు. పొటాషియం తగ్గితే పేగు కదలిక కూడా మందగిస్తుంది. దాంతో మరో బిళ్ల కావాలనిపిస్తుంది.

నాలుగో రకం ఈ మధ్య కాలానిది. పేగు కణం చేత క్లోరైడ్‌ను బయటికి వదిలించే మందులివి. వీటిలో లినాక్లోటైడ్ కథ ఆశ్చర్యపరుస్తుంది. ప్రయాణాల్లో పట్టుకునే విరేచనాలకు ముఖ్య కారణమైన ఒక రకం ఈ.కోలై బ్యాక్టీరియా, వేడికి చెడని చిన్న విషపదార్థాన్ని వదులుతుంది. అది పేగు కణం మీద గ్వానిలేట్ సైక్లేజ్-సీ అనే గ్రాహకానికి అతుక్కుని, లోపల ఒక సంకేతాన్ని పెంచి, సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ మార్గాన్ని తెరిపిస్తుంది. లినాక్లోటైడ్‌ను ఆ విషపదార్థం పోలికలోనే, అదే గ్రాహకానికి అతుక్కునేలా తయారుచేశారు. అంటే రోగం తెప్పించే పద్ధతినే, మోతాదు అదుపులో పెట్టి మొండి మలబద్ధకానికి వాడుతున్నారు. టెనపనార్ అనే ఇంకో మందు ఉంది. అది క్లోరైడ్ జోలికి పోదు. సోడియం లోపలికి వచ్చే ఒక మామూలు దారిని మూసేస్తుంది. లోపలికి రాని సోడియం నీళ్లను పేగులోనే పట్టి ఉంచుతుంది.

కలరా మూసేది, మూయలేనిది

ఇదే సీఎఫ్‌టీఆర్ మార్గాన్ని కలరా విషం పూర్తిగా తెరిచి అలాగే వదిలేస్తుంది. ఆ విషం కణం లోపల జీ-ప్రోటీన్ అనే స్విచ్‌ను ఆన్‌లోనే బిగించేస్తుంది. సైక్లిక్ ఏఎంపీ అనే సంకేతం పెరుగుతూనే ఉంటుంది. క్లోరైడ్ పొర్లిపోతుంది, దాని వెంట సోడియం, నీళ్లు. పైగా అదే సంకేతం, సోడియం మామూలుగా లోపలికి వచ్చే ఎన్‌హెచ్‌ఈ3 అనే దారిని కూడా మూసేస్తుంది. తీవ్రమైన కలరాలో పెద్దవాళ్లు గంటకు లీటరు దాకా నీళ్లు కోల్పోగలరు. రోగి ఉప్పు నీళ్లు తాగితే అవీ బయటికే పోతాయి, ఎందుకంటే ఉప్పు లోపలికి వెళ్లే దారి మూసుకుపోయింది.

అయితే ఒక తలుపు మాత్రం తెరిచే ఉంటుంది. చిన్నపేగు కణాల మీద ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. అది ఒక గ్లూకోజ్ అణువుతో పాటు రెండు సోడియం అయాన్లను జతగా లోపలికి తీసుకుంటుంది. జత కుదరకపోతే ఏదీ రాదు. గ్లూకోజ్ లేకుండా సోడియం ఈ తలుపులోంచి రాలేదు, సోడియం లేకుండా గ్లూకోజూ రాలేదు. లోపలికి వచ్చిన సోడియాన్ని కణం వెనక గోడలోని పంపు రక్తం వైపుకు తోసేస్తుంది, దానితో కణంలో సోడియం ఎప్పుడూ తక్కువగానే ఉండి, తలుపు తిరుగుతూనే ఉంటుంది. ఈ జత ప్రయాణం ఆలోచనను రాబర్ట్ క్రేన్ 1960లో ప్రేగ్‌లో జరిగిన సమావేశంలో ప్రతిపాదించారు. కలరా విషం ఈ తలుపును ముట్టుకోదు. ఓఆర్‌ఎస్ మొత్తం ఈ ఒక్క వాస్తవం మీద నిలబడి ఉంది.

1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ కలరా రోగులకు గ్లూకోజ్, లవణాలు కలిపిన నీళ్లు తాగించి, సెలైన్ అవసరం బాగా తగ్గుతుందని చూపించారు. అది ఆస్పత్రిలో, లెక్కలు రాసుకుంటూ చేసిన పని. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ నిండిపోయింది. కలరా చెలరేగింది, సెలైన్ సీసాలు అయిపోవస్తున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంట సోడా చొప్పున కలిపి డ్రమ్ముల్లో పోసింది. రోగుల బంధువులే కప్పులతో పట్టించారు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన వార్డుల్లో 3.6 శాతానికి పడిపోయాయి. నర్సు చెయ్యి పడకుండా తల్లే ఇవ్వగలిగిన చికిత్స అని అక్కడ తేలింది. ఆయనకు పద్మవిభూషణ్ 2023లో, మరణానంతరం వచ్చింది.

ప్యాకెట్‌లో ఏముంది, ఎందుకంత

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సిఫారసు చేస్తున్న ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ ఉంటాయి. మొత్తం 20.5 గ్రాములు. గ్రాముల్లో చూస్తే చక్కెర చాలా, ఉప్పు కొంచెం అనిపిస్తుంది. కానీ పేగుకు బరువుతో పని లేదు, అణువుల సంఖ్యతోనే పని. ఆ లెక్కలో గ్లూకోజ్ 75 మిల్లీమోల్స్, సోడియం కూడా 75. కరిగిన అణువులు, అయాన్లు అన్నీ కలిపితే ద్రావణం గాఢత లీటరుకు 245 మిల్లీఆస్మోల్స్. రక్తం గాఢత 290 దగ్గర ఉంటుంది. అంటే ఓఆర్‌ఎస్ రక్తం కంటే కాస్త పల్చన. అందువల్ల చక్కెర, ఉప్పు ఇంకకముందే నీళ్లు శరీరం వైపు మొగ్గుతాయి.

తలుపు దగ్గర లెక్క రెండు సోడియానికి ఒక గ్లూకోజ్ అయినప్పుడు, ప్యాకెట్‌లో సమానంగా ఎందుకు పెట్టారు? చిన్నపేగు పైభాగం గోడ సందుల్లోంచి సోడియం రక్తం నుంచి నాళంలోకి తనంతట తానే జారుతుంది. కలరాలో అయితే నాళంలోకి వచ్చే నీళ్లలోనే బోలెడు సోడియం ఉంటుంది. గ్లూకోజ్ అలా వెనక్కి రాదు. తాగిన గ్లూకోజే దానికి ఆధారం. కాబట్టి గ్లూకోజ్ కనీసం సోడియానికి సమానంగా ఉండాలని, అదే సమయంలో లీటరుకు 111 మిల్లీమోల్స్ దాటకూడదని నియమం పెట్టారు. పొటాషియం ఎందుకంటే విరేచనాల్లో అది కూడా పోతుంది. సిట్రేట్ ఎందుకంటే మలంతో పోయిన బైకార్బొనేట్‌ను శరీరం సిట్రేట్ నుంచి తయారుచేసుకుంటుంది. పాత ప్యాకెట్లలోని వంట సోడా తేమకు పాడైపోయేది, సిట్రేట్ నిలవ ఉంటుంది.

2002కు ముందున్న ప్యాకెట్ గాఢత 311. సోడియం 90, గ్లూకోజ్ 111. అది కూడా లక్షల ప్రాణాలు కాపాడింది. కానీ రక్తం కంటే కాస్త చిక్కన కావడంతో పిల్లల్లో విరేచనాల పరిమాణాన్ని తగ్గించలేకపోయింది. పల్చన చేశాక పరీక్షల్లో మలం పరిమాణం సుమారు 20 శాతం, వాంతులు 30 శాతం దాకా, సెలైన్ పెట్టాల్సిన అవసరం మూడో వంతు తగ్గాయి. గాఢతలో 66 అంకెల తేడా ఇంత మార్పు తెచ్చిందంటే, ప్యాకెట్‌ను తప్పుగా కలిపితే ఏమవుతుందో ఊహించవచ్చు.

లీటరు ప్యాకెట్‌ను ఒక గ్లాసులో, అంటే 200 మిల్లీలీటర్లలో కలిపితే అన్నీ ఐదింతలవుతాయి. సోడియం 375, గాఢత 1,225. అది ఓఆర్‌ఎస్ కాదు, పేగులోకి నీళ్లు లాగే ద్రావణం. విరేచనాలు పెరుగుతాయి, రక్తంలో సోడియం పెరిగి పిల్లవాడు చిరాకు పడతాడు, తర్వాత ఫిట్స్ కూడా రావచ్చు. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న సాచెట్లు కూడా షాపుల్లో దొరుకుతాయి కాబట్టి ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. కవరు మీద ఎంత నీటికో చదవాలి. లీటరు ప్యాకెట్‌ను చెంచా చెంచాగా వాడటం కూడా తప్పే. పొడిలో ఉప్పు, గ్లూకోజ్ సమంగా కలిసి ఉండవు. మొదటి చెంచాలో ఒకటి, చివరి చెంచాలో ఇంకొకటి ఎక్కువ రావచ్చు. ఖాళీ లీటరు వాటర్ బాటిల్ కొలత సరిగ్గా సరిపోతుంది. మొత్తం ఒకేసారి కలిపి, 24 గంటలు దాటితే మిగిలింది పారబోయాలి.

ఇప్పుడు లాక్టులోజ్‌ను గుర్తుచేసుకోవాలి. పీల్చుకోలేని చక్కెర నీళ్లను పేగులో పట్టి ఉంచుతుందని చెప్పుకున్నాం. పీల్చుకోగల చక్కెరే అయినా తలుపుల శక్తికి మించి ఒక్కసారే పోస్తే అదీ అదే పని చేస్తుంది. లీటరుకు 100 గ్రాముల పంచదార ఉన్న తీపి పానీయాన్ని తీసుకుందాం. పేగు ఎంజైమ్ ఆ పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొట్టాక గాఢత ఒక్క చక్కెర వల్లే 580 దాటుతుంది. రక్తానికి రెట్టింపు. జతకు కావాల్సిన సోడియం అందులో నామమాత్రమే. విరేచనాలతో ఉన్న పిల్లవాడికి అది ఓఆర్‌ఎస్ పేరుతో ఇస్తే, విరేచనం మందు ఇచ్చినట్టే.

ఈ పేరు గొడవ మన దగ్గరే తేలింది. అట్టపెట్టెల్లో అమ్మే పండ్ల రుచి తీపి పానీయాల పేర్లలో ‘ఓఆర్‌ఎస్’ అని ఉండటం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజనీ సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా వేశారు. 2022లో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్ కాదు’ అని లేబుల్ మీద రాస్తే పేరు వాడుకోవచ్చని వెసులుబాటు ఇచ్చింది. 2025 అక్టోబరు 14న దాన్ని వెనక్కి తీసుకుంది. ఈ నిర్ణయం ఎప్పుడో రావాల్సింది. విరేచనాలతో నీరసించిన బిడ్డను చంకనేసుకుని షాపుకొచ్చిన తల్లి వెనకవైపు చిన్న అక్షరాలు చదువుతుందని అనుకోవడమే తప్పు.

ఇంట్లో ప్యాకెట్ లేనప్పుడు ఉప్పు వేసిన బియ్యం గంజి చాలా మంచిది. దానికి కారణం కూడా ఇదే లెక్క. పిండి పదార్థం పెద్ద అణువు, కాబట్టి గాఢత పెంచదు. పేగు గోడ దగ్గర మెల్లగా విడిపోతూ, తలుపుకు కావాల్సినంత గ్లూకోజ్‌ను కావాల్సినప్పుడు అందిస్తుంది. లీటరు గంజికి 3 గ్రాముల ఉప్పు, అంటే దాదాపు అర చిన్న చెంచా, సరిపోతుంది. దానిలో పొటాషియం, సిట్రేట్ ఉండవు. కాబట్టి అది ప్యాకెట్ దొరికేదాకా ఆసరాయే గానీ, పిల్లవాడు వాడిపోయాక ఇచ్చే చికిత్స కాదు.

ఆపే మందులు దేన్ని ఆపుతాయి

ఓఆర్‌ఎస్ ఇచ్చినా విరేచనాలు వెంటనే ఆగవు. విషం తెరిచిన క్లోరైడ్ మార్గం తెరిచే ఉంటుంది. ఓఆర్‌ఎస్ పోయేదానికి సమానంగా లోపలికి పంపుతుంది, అంతే. ఇంట్లో వాళ్లకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. ‘ఇచ్చినా మోషన్స్ ఆగట్లేదు’ అని ప్యాకెట్ పక్కనపెట్టి బిళ్ల కోసం వెతుకుతారు.

ఆ బిళ్ల ఎక్కువసార్లు లోపెరమైడ్. ఇది నల్లమందు కుటుంబానికి చెందిన మందే. పేగు గోడలోని నరాల మీద ఉండే ఓపియాయిడ్ గ్రాహకాలను పట్టుకుని కదలికను మందగిస్తుంది. మలం పేగులో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ఎక్కువ నీళ్లు ఇంకుతాయి. మెదడులోకి వెళ్లబోయిన మందును పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపు బయటికి నెట్టేస్తుంది, అందుకే మామూలు మోతాదులో మత్తు ఉండదు. పెద్దవాళ్లకు, జ్వరం, మలంలో రక్తం లేని నీళ్ల విరేచనాల్లో, బస్సో రైలో ఎక్కాల్సి వచ్చినప్పుడు ఇది ఉపయోగపడే మందే. మొదట 4 మిల్లీగ్రాములు, తర్వాత ప్రతి మోషన్‌కూ 2. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా రోజుకు 8 దాటకూడదు. విపరీతమైన మోతాదులు గుండె లయను దెబ్బతీస్తాయని అమెరికా ఔషధ సంస్థ 2016లో హెచ్చరించింది.

కానీ ఇది స్రావాన్ని పెద్దగా ఆపదు. కదలికను ఆపుతుంది. ఈ రెంటి మధ్య తేడా పసిపిల్లల్లో ప్రాణాల మీదికి వస్తుంది. పేగు స్తంభించిపోతే నీళ్లు బయటికి రావు గానీ పేగులోనే చేరుతుంటాయి. శరీరం లెక్కలో అవి పోయినట్టే. మోషన్ ఆగింది కదా అని ఇంట్లో వాళ్లు నిశ్చింతగా ఉంటారు. బిడ్డ పొట్ట మాత్రం బిగిసి ఉబ్బుతుంది, మూత్రం రాదు, నాడి వేగంగా కొట్టుకుంటుంది. 1990లో పాకిస్తాన్‌లో ఇలాంటి మరణాల తర్వాత పిల్లల కోసం తయారైన లోపెరమైడ్ చుక్కల మందును అక్కడ మార్కెట్ నుంచి తీసేశారు. ఐదేళ్ల లోపు పిల్లలకు ఇది వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్త విరేచనాల్లో పెద్దవాళ్లకూ వద్దు. రోగ క్రిములు, వాటి విషాలు పేగులో నిలిచిపోతాయి, పెద్దపేగు ప్రమాదకరంగా ఉబ్బవచ్చు. వృద్ధుల విషయంలో మరో మాట. గట్టిపడిన మలం అడ్డుపడి, దాని పక్కనుంచి నీళ్లు కారుతుంటే అది విరేచనంలా కనిపిస్తుంది. అక్కడ లోపెరమైడ్ ఇస్తే అడ్డు ఇంకా బిగుస్తుంది.

రేస్‌కాడోట్రిల్ ఇందుకు భిన్నం. పేగులో సహజంగా ఎన్‌కెఫలిన్లు అనే పదార్థాలు ఉంటాయి, అవి సైక్లిక్ ఏఎంపీని తగ్గించి స్రావానికి కళ్లెం వేస్తాయి. వాటిని విరిచేసే ఎంజైమ్‌ను ఈ మందు అడ్డుకుంటుంది. దాంతో అవి ఎక్కువసేపు పనిచేస్తాయి, క్లోరైడ్ తక్కువగా పోతుంది. పేగు కదలిక మామూలుగానే ఉంటుంది. మన దేశంలో పిల్లల డాక్టర్లు దీన్ని ఓఆర్‌ఎస్‌తో పాటు రాయడం చూస్తుంటాం. మలం పరిమాణాన్ని కొంత తగ్గిస్తుంది గానీ కలరా ఉధృతిలో చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. ఓఆర్‌ఎస్‌కు బదులుగా ఇవ్వదగింది మాత్రం కాదు. కేయోలిన్, పెక్టిన్ లాంటి అంటిపెట్టుకునే పొడులు మలాన్ని చిక్కగా కనిపించేలా చేస్తాయే తప్ప నీటి నష్టాన్ని మార్చవు.

కారణం స్రావమా, ఇంకని పదార్థమా అని తెలుసుకోవడానికి డాక్టర్లు చూసే ఒక ఆనవాలు ఉంది. పాలు పడక వచ్చినవి, తీపి పానీయాల వల్ల వచ్చినవి తినడం ఆపితే తగ్గుతాయి. విషం వల్ల స్రవించేవి ఉపవాసం ఉన్నా తగ్గవు. అయితే పిల్లవాడిని పస్తు పెట్టి దీన్ని ఇంట్లో పరీక్షించకూడదు.

పది కిలోల బిడ్డ, నాలుగు గంటలు

పదిహేను నెలల బిడ్డ, బరువు 10 కిలోలు అనుకుందాం. పొద్దుటి నుంచి ఎనిమిది నీళ్ల విరేచనాలు. చిరాగ్గా ఉంది, కళ్లు లోతుకు పోయాయి, నీళ్లు చూపిస్తే ఆత్రంగా తాగుతోంది. పొట్ట మీద చర్మాన్ని చిటికెలో పట్టి వదిలితే మెల్లగా వెనక్కి పోతోంది. దీన్ని ఒక మోస్తరు నిర్జలీకరణ అంటారు. ఆరోగ్య కేంద్రంలో కళ్లెదుటే ఉంచుకుని, కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున 750 మిల్లీలీటర్ల ఓఆర్‌ఎస్ నాలుగు గంటల్లో ఇవ్వాలి. నిమిషానికి మూడు మిల్లీలీటర్లు. అంటే ఐదు మిల్లీలీటర్ల చెంచాతో నిమిషంన్నరకు ఒకటి. గ్లాసు నోటికి పెట్టి గటగటా తాగిస్తే కడుపు సాగి వాంతి అవుతుంది, చెంచాతో అయితే నిలబడుతుంది. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు మధ్యలో ఆపకూడదు.

నాలుగు గంటల తర్వాత మళ్లీ చూడాలి. మూత్రం పోసిందా, కళ్లు తేరుకున్నాయా, చర్మం వెంటనే సర్దుకుంటోందా. ఇవే గీటురాళ్లు, మోషన్ల సంఖ్య కాదు. తేరుకుంటే ఇంటికి పంపి, ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు ఇమ్మని, మామూలు తిండి పెట్టమని చెబుతారు. మన జాతీయ కార్యక్రమం ప్రకారం ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ 14 రోజులు ఇస్తారు. విరేచనాలు ఆగినా జింక్ ఆపకూడదు. పేగు పొర కోలుకోవడానికి, మళ్లీ విరేచనాలు పట్టుకోకుండా ఉండటానికి అది అవసరం.

కొద్దిమంది పిల్లల్లో ఓఆర్‌ఎస్ తాగిస్తున్నకొద్దీ విరేచనాలు స్పష్టంగా పెరుగుతాయి, ఆపితే తగ్గుతాయి. మలం పరీక్షలో గ్లూకోజ్ బాగా కనిపిస్తుంది. పేగు పొర బాగా దెబ్బతిని ఎస్‌జీఎల్‌టీ1 పనిచేయట్లేదని దానర్థం. అరుదుగా కొందరికి పుట్టుకతోనే ఆ ప్రోటీన్ లోపం ఉంటుంది. అప్పుడు చెంచా పని చేయదు, సెలైన్ కావాలి.

బిడ్డ మగతగా ఉండి, తాగలేకపోతూ, చర్మం రెండు సెకన్లు దాటినా మడతగానే ఉంటే అది తీవ్ర స్థితి. పొట్ట ఉబ్బి పేగు కదలిక లేనప్పుడు కూడా నోటి ద్వారా ఇవ్వకూడదు. తీవ్ర స్థితిలో ఉన్న ఇదే పది కిలోల బిడ్డకు రింగర్ లాక్టేట్ రక్తనాళంలోకి 300 మిల్లీలీటర్లు మొదటి అరగంటలో, మిగతా 700 తర్వాతి రెండున్నర గంటల్లో ఎక్కిస్తారు. ఏడాది నిండని పిల్లలకు ఇదే లెక్కను ఆరు గంటలకు సాగదీస్తారు. బిడ్డ మింగగలిగిన క్షణం నుంచి, సెలైన్ ఇంకా నడుస్తుండగానే, గంటకు కిలోకు ఐదు మిల్లీలీటర్ల చొప్పున ఓఆర్‌ఎస్ మళ్లీ మొదలవుతుంది.